ఒప్పందానికి ముందు పరిశీలన: ఎదుటి సంస్థ నిషేధిత జాబితాలో ఉందా?

ఒక సంస్థతో వ్యాపారం చేసే ముందు దాని ఆర్థిక స్థితిని ఎలా అంచనా వేయాలో ముందరి పాఠంలో చూశాం. ఈ పాఠంలో మరో ప్రశ్న తీసుకుందాం. ఆ సంస్థను ప్రభుత్వం గాని, అంతర్జాతీయ సంస్థ గాని, నియంత్రణ సంస్థ గాని బ్లాక్‌లిస్టులో పెట్టిందా? టెండర్లలో పాల్గొనకుండా డిబార్ చేసిందా? దానిపై ఆంక్షలు ఉన్నాయా? పైకి చూస్తే ఇది చాలా తేలికైన పని. జాబితా తెరిచి, పేరు టైపు చేసి, ఏమీ రాకపోతే తృప్తి పడటమే కదా అనిపిస్తుంది. ఆచరణలో పొరపాట్లన్నీ సరిగ్గా అక్కడే జరుగుతాయి. జాబితాలో ఉండేది ఒక పేరు. మనం ఒప్పందం చేసుకునేది ఒక చట్టబద్ధమైన వ్యక్తిత్వంతో, దాని వెనుక ఉన్న మనుషులతో. ఈ రెండింటినీ కలిపి చూడటమే పరిశీలనలోని అసలు పని.

జాబితా ఏం చెబుతుంది?

ముందుగా మాటల సంగతి. వ్యవహారంలో అందరూ 'బ్లాక్‌లిస్టు' అంటారు. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లలో ఇప్పుడు వాడుతున్న మాట 'డిబార్‌మెంట్'. అంటే నిర్ణీత కాలం పాటు టెండర్లలో పాల్గొనే అర్హత లేకుండా చేయడం. 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళిలోని 151వ నియమం దీనికి ఆధారం. అవినీతి నిరోధక చట్టం కిందో, ప్రభుత్వ కాంట్రాక్టు అమలులో ప్రాణనష్టం, ఆస్తినష్టం కలిగించినందుకో శిక్ష పడిన బిడ్డరును మూడేళ్ల వరకు దూరంగా ఉంచవచ్చు. శిక్ష పడకపోయినా, నకిలీ పత్రాలు ఇవ్వడం, ఇతర బిడ్డర్లతో కుమ్మక్కు కావడం వంటి నిజాయితీ నియమాల ఉల్లంఘన జరిగితే కొనుగోలు చేసే శాఖ రెండేళ్ల వరకు డిబార్ చేయవచ్చు. అయితే సంస్థకు తన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ఈ చర్య తీసుకోరాదు. ఇది కొత్త సూత్రం కాదు. ఎరూసియన్ ఎక్విప్‌మెంట్ కేసులో సుప్రీంకోర్టు 1974లోనే ఈ మాట చెప్పింది.

ఇందులో మనకు ముఖ్యమైనది ఏమిటంటే, ప్రతి డిబార్‌మెంట్‌కూ ఒక హద్దు, ఒక గడువు ఉంటాయి. ఒక మంత్రిత్వ శాఖ ఇచ్చిన ఉత్తర్వు ఆ శాఖ పరిధిలో వర్తిస్తుంది. అన్ని శాఖలకూ వర్తించాలంటే ఆర్థిక శాఖలోని వ్యయ విభాగం ఉత్తర్వు ఇవ్వాలి. రాష్ట్ర ప్రభుత్వాలకు తమ సొంత నియమాలు ఉంటాయి. ప్రపంచ బ్యాంకు జాబితా ఆ బ్యాంకు నిధులతో జరిగే పనులకు సంబంధించినది. సెబీ నిషేధం సెక్యూరిటీల మార్కెట్‌కు సంబంధించినది. కాబట్టి 'ఆ కంపెనీ బ్లాక్‌లిస్టులో ఉందట' అని ఎవరైనా అన్నప్పుడు మూడు ప్రశ్నలు అడగాలి: ఎవరి జాబితాలో, దేనికి, ఎప్పటివరకు? ఈ మూడూ తెలియకుండా ఆ మాటకు విలువ లేదు.

సత్యం కంప్యూటర్స్ ఉదాహరణ దీన్ని బాగా చూపిస్తుంది. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ లెక్కల తారుమారును ఒప్పుకుంటూ రాసిన లేఖ అందరికీ తెలుసు. అంతకు కొద్ది నెలల ముందే, 2008 సెప్టెంబరులో, ప్రపంచ బ్యాంకు ఆ కంపెనీని ఎనిమిదేళ్ల పాటు అనర్హం చేసింది. బ్యాంకు సిబ్బందికి అనుచిత ప్రయోజనాలు కలిగించిందని, ఉప కాంట్రాక్టర్ల పేరిట వసూలు చేసిన రుసుములకు సరైన పత్రాలు చూపలేకపోయిందని కారణాలు చెప్పింది. అది లెక్కల కుంభకోణంతో సంబంధం లేని విషయం. ఆ నిషేధం బ్యాంకు తన సొంత కార్యాలయ అవసరాలకు చేసే కొనుగోళ్లకు సంబంధించినది. అటువంటి కొనుగోళ్లలో అనర్హులైన వారి పేర్లను బ్యాంకు అప్పట్లో బయటపెట్టేది కాదు. పత్రికల్లో కథనాలు వచ్చాక డిసెంబరులో ధ్రువీకరించింది. 2009 జనవరిలో ఆ జాబితాను ప్రజల ముందు ఉంచింది. అంటే 2008 అక్టోబరులో ఎవరైనా శ్రద్ధగా జాబితాలు వెదికి ఉంటే సత్యం పేరు దొరికేది కాదు. ఉత్తర్వు మాత్రం అప్పటికే అమలులో ఉంది. జాబితాలో పేరు లేకపోవడం, నిషేధం లేకపోవడం ఒకటి కాదనడానికి మన హైదరాబాదు కంపెనీయే సాక్ష్యం.

తర్వాత జరిగినది కూడా గమనించండి. 2009లోనే ఆ కంపెనీ 'మహీంద్రా సత్యం' అనే పేరుతో మార్కెట్లోకి వచ్చింది. 2013లో టెక్ మహీంద్రాలో విలీనమైంది. కొత్త బోర్డు చూసి పాత పేరు మరిచిపోవడం సహజం. అర్హత లెక్కలోకి వచ్చేది మాత్రం బోర్డు మీది పేరు కాదు, రిజిస్టరులోని సంస్థ.

పేరు కాదు, సంఖ్య

మన ప్రాంతంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. వెంకటేశ్వర, లక్ష్మి, సాయి, దుర్గ, శ్రీనివాస అనే పేర్లు లేని వ్యాపార వీధి మన ఊళ్లలో కనబడదు. ఒకే లక్ష్మిని ఇంగ్లిషులో Lakshmi అనీ Laxmi అనీ రాస్తారు. శ్రీ అన్నది Sri, Shri, Shree, Sree అవుతుంది. వెంకటేశ్వరలో ఒక h చేరితే కంప్యూటరు దృష్టిలో అది వేరే పేరు. మనుషుల పేర్లకొస్తే, ఇంటిపేరును ఒక చోట పొడి అక్షరంగా, మరొక చోట పూర్తిగా రాస్తారు. పేరుతో మాత్రమే వెదికితే రెండు రకాల నష్టం జరుగుతుంది. నిషేధం ఉన్న సంస్థ అక్షరం తేడాతో తప్పించుకుంటుంది. ఏ తప్పూ చేయని సంస్థ పేరు కలిసిన పాపానికి అనుమానం పాలవుతుంది.

అందుకే ఏ జాబితా తెరవక ముందే సంస్థ గుర్తింపును సంఖ్యల ద్వారా స్థిరపరచుకోవాలి. కంపెనీకి మూడు సంఖ్యలు ఉంటాయి. మొదటిది కంపెనీల రిజిస్ట్రారు ఇచ్చే CIN. ఇందులో 21 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి అక్షరం L అయితే స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీ, U అయితే నమోదు కానిది. తర్వాతి ఐదు అంకెలు పరిశ్రమ రకాన్ని, రెండు అక్షరాలు రాష్ట్రాన్ని, ఆపై నాలుగు అంకెలు కంపెనీ ఏర్పడిన సంవత్సరాన్ని తెలుపుతాయి. ఆ తర్వాత PTC ఉంటే ప్రైవేటు కంపెనీ, PLC ఉంటే పబ్లిక్ కంపెనీ. చివరి ఆరు అంకెలు నమోదు సంఖ్య. ఏమీ ఖర్చు లేకుండా, ఏ వెబ్‌సైటూ తెరవకుండా, లెటర్‌హెడ్ మీదనే కంపెనీ వయస్సు చదవవచ్చన్నమాట.

రెండవది పాన్. పది అక్షరాల పాన్‌లో నాలుగో అక్షరం C అయితే కంపెనీ, F అయితే భాగస్వామ్య సంస్థ, P అయితే వ్యక్తి. 'ఇండస్ట్రీస్', 'ఎంటర్‌ప్రైజెస్' అని పెద్ద బోర్డు ఉండి పాన్‌లో నాలుగో అక్షరం P ఉంటే అది ఒక్క మనిషి సొంత వ్యాపారం. అప్పుడు జాబితాల్లో వెదకవలసింది బోర్డు మీది పేరు ఒక్కటే కాదు, ఆ మనిషి పేరు కూడా. ఐదో అక్షరం కంపెనీ విషయంలో దాని పేరులోని మొదటి అక్షరం. కంపెనీ పేరు మార్చుకున్నా పాన్ సంఖ్య మారదు. కాబట్టి S తో మొదలయ్యే కంపెనీ పాన్‌లో ఐదో అక్షరం K ఉంటే, అది పాన్ తీసుకున్ననాటికి వేరే పేరుతో ఉండి ఉండవచ్చు. వెంటనే పాత పేరు అడగాలి. పేరు మార్చుకున్న రెండేళ్ల వరకు బోర్డు మీద, లెటర్‌హెడ్ మీద పాత పేరు కూడా వేయాలని కంపెనీల చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. ఎంతమంది వేస్తున్నారన్నది వేరే సంగతి.

మూడవది జీఎస్టీ సంఖ్య. ఇందులో 15 స్థానాలు ఉంటాయి. మొదటి రెండు రాష్ట్రం కోడ్: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. మూడు నుంచి పన్నెండు వరకు ఉన్న పది అక్షరాలు పాన్‌యే. ఎదుటివారు పాన్ ఇవ్వడానికి వెనకాడినా, వారి పాత బిల్లు ఒకటి చేతిలో ఉంటే చాలు, జీఎస్టీ సంఖ్య నుంచి పాన్ తెలిసిపోతుంది. జీఎస్టీ పోర్టల్లో లాగిన్ లేకుండానే ఆ సంఖ్యతో వెదికితే చట్టబద్ధమైన పేరు, వ్యాపార పేరు, నమోదు తేదీ, నమోదు అమలులో ఉందా రద్దయిందా అన్నది కనిపిస్తాయి.

వీటితో పాటు మనుషుల సంఖ్య ఒకటి ఉంది. కంపెనీ డైరెక్టరు కావాలంటే ఎనిమిది అంకెల DIN తీసుకోవాలి. ఒక మనిషికి జీవితాంతం ఒకటే DIN. కంపెనీలు పుడతాయి, పేర్లు మార్చుకుంటాయి, మూతపడతాయి. DIN మాత్రం మనిషిని వదలదు. రాబోయే ఉదాహరణలో దీని విలువ తెలుస్తుంది.

ఒక ఉదాహరణ

అభ్యాసం కోసం కల్పించిన సందర్భం ఇది. కరీంనగర్‌లో విద్యుత్ పనులు చేసే ఒక చిన్న కంపెనీ ఉంది. దాన్ని 'క' అందాం. కేంద్ర మంత్రిత్వ శాఖ కింద ఉన్న ఒక కార్యాలయ భవనానికి విద్యుత్ పనుల టెండరు వెలువడింది. అంత పెద్ద పని చేసిన అనుభవం 'క'కు లేదు. హైదరాబాదులోని 'ఖ' అనే ప్రైవేటు కంపెనీ ఉమ్మడి బిడ్డు వేద్దామని ముందుకు వచ్చింది. టెండరు సాంకేతిక బిడ్లు తెరిచే తేదీ 2025 జూన్ 20. 'ఖ' లెటర్‌హెడ్ మీద 'ఇరవై ఏళ్లకు పైగా అనుభవం' అని ఉంది.

ఉమ్మడి బిడ్డులో పరిశీలన ఎందుకు మరీ అవసరమో ముందు తెలుసుకోవాలి. వ్యయ విభాగం 2021 నవంబరు 2న డిబార్‌మెంట్‌పై మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం ఒక జాయింట్ వెంచర్‌ను డిబార్ చేస్తే అందులోని భాగస్వాములందరూ డిబార్ అవుతారు. భాగస్వామి చేసిన తప్పుకు 'క' కూడా టెండర్లకు దూరం కావలసి వస్తుంది. పది, పదిహేను మంది పనివాళ్లతో ప్రభుత్వ పనుల మీదే బతికే సంస్థకు రెండేళ్లు టెండర్లు లేకపోవడమంటే దాదాపు మూసుకోవడమే.

'క' మేనేజరు మొదట 'ఖ' పేరును మంత్రిత్వ శాఖ డిబార్ జాబితాలో వెదికాడు. లేదు. ప్రపంచ బ్యాంకు జాబితాలో వెదికాడు. అక్కడా లేదు. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఆయన లెటర్‌హెడ్ కింద చిన్న అక్షరాల్లో ఉన్న CIN చదివాడు. అందులో సంవత్సరం 2023 అని ఉంది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న కంపెనీ రెండేళ్ల కిందట పుట్టింది! ఇది తప్పనిసరిగా మోసమని కాదు. తండ్రి నడిపిన సొంత వ్యాపారాన్ని కొడుకు కంపెనీగా మార్చి ఉండవచ్చు. కానీ జవాబు కావలసిన ప్రశ్న.

తర్వాత కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్లో కంపెనీ ప్రధాన వివరాలు చూశాడు. స్థితి Active అని ఉంది. ఏర్పడిన తేదీ 2023 నవంబరు. ఇద్దరు డైరెక్టర్లు. వారిలో ఒకరి DIN ద్వారా వెదికితే ఆయన 'గ' అనే మరో కంపెనీలో కూడా డైరెక్టరని తేలింది. 'గ' 2003లో ఏర్పడిన కంపెనీ. రెండు కంపెనీల పేర్లలో ఒక్క మాట కూడా ఉమ్మడిగా లేదు. మేనేజరు మళ్లీ డిబార్ జాబితాకు వెళ్లి ఈసారి 'గ' పేరు వెదికాడు. దొరికింది. నకిలీ అనుభవ ధ్రువపత్రం సమర్పించినందుకు అదే మంత్రిత్వ శాఖ 2023 ఆగస్టు 10 నుంచి 2025 ఆగస్టు 9 వరకు, అంటే రెండేళ్లు, డిబార్ చేసింది. 'ఖ' పుట్టింది ఆ ఉత్తర్వు వచ్చిన మూడు నెలలకు.

ఇక్కడ తొందరపడకూడదు. ఒక డైరెక్టరు ఉమ్మడిగా ఉన్నంత మాత్రాన రెండో కంపెనీ కూడా నిషేధానికి లోబడుతుందని చెప్పలేం. పై మార్గదర్శకాలు డిబార్‌మెంట్‌ను 'అనుబంధ సంస్థలకు' విస్తరింపజేస్తాయి. యాజమాన్యం ఒకటే అయినా, యాజమాన్యంలో అధిక భాగం డిబార్ అయిన సంస్థ డైరెక్టర్ల చేతిలో ఉన్నా, మెజారిటీ వాటాల ద్వారా ఆ సంస్థకు నియంత్రణ ఉన్నా, లేక వారసత్వ సంస్థ అయినా అది అనుబంధ సంస్థ కిందికి వస్తుంది. కాబట్టి తేలవలసింది 'ఖ' ఎవరి చేతిలో ఉందన్నది. దానికి వాటాదారుల జాబితా కావాలి. అది ప్రధాన వివరాల పేజీలో ఉండదు. అదే పోర్టల్లో కొద్దిపాటి రుసుము కట్టి కంపెనీ దాఖలు చేసిన పత్రాలు చూడవచ్చు. వార్షిక రిటర్నుకు జతచేసిన జాబితాలో ఉమ్మడి డైరెక్టరు పేరిట 70 శాతం వాటాలు ఉన్నాయి. రెండో డైరెక్టరు పేరిట మిగిలిన 30 శాతం. ఇక సందేహం లేదు.

ఒకవేళ ఆ డైరెక్టరు తెలివిగా 'గ' నుంచి ముందే రాజీనామా చేసి ఉంటే? ప్రస్తుత డైరెక్టర్ల జాబితాలో సంబంధం కనబడేది కాదు. అప్పుడు DIR-12 ఫారాలు చూడాలి. డైరెక్టర్ల నియామకం, రాజీనామా రెండూ వాటిలోనే నమోదవుతాయి. రెండు కంపెనీల రిజిస్టర్డ్ కార్యాలయం చిరునామా, ఇ-మెయిల్ పోల్చి చూడటం కూడా మంచిది. మనుషులు పేర్లు మారుస్తారు గాని, అద్దె గది మార్చడానికి బద్ధకిస్తారు.

మేనేజరు ఈ వివరాలతో 'ఖ'కు లిఖితపూర్వకంగా ప్రశ్న పంపాడు. 'గ మీద ఉన్న ఉత్తర్వుకు హైకోర్టు స్టే ఉంది, కాబట్టి అభ్యంతరం లేదు' అని జవాబు వచ్చింది. ఇది తరచుగా వినిపించే జవాబు, కొన్నిసార్లు నిజం కూడా. స్టే అమలులో ఉంటే నిషేధం ఆ కాలానికి పనిచేయదు. కానీ స్టే ఉందన్న మాట సరిపోదు. కేసు సంఖ్య, ఉత్తర్వు నకలు తీసుకుని హైకోర్టు వెబ్‌సైటులో ఆ కేసు స్థితి చూడాలి. చూస్తే, స్టే ఇచ్చిన మాట నిజమే. అది నాలుగు వారాలకు మాత్రమే ఇచ్చారు. తర్వాత పొడిగించినట్లు ఉత్తర్వు లేదు.

ఇక తేదీల లెక్క. మార్గదర్శకాల ప్రకారం సాంకేతిక బిడ్డు తెరిచే నాటికీ, కాంట్రాక్టు ఇచ్చే నాటికీ, రెండు తేదీల్లోనూ సంస్థ డిబార్ అయి ఉండకూడదు. కాంట్రాక్టు ఇచ్చేసరికి ఎలాగూ ఆగస్టు దాటుతుందని 'ఖ' అనవచ్చు. కానీ బిడ్డు తెరిచే జూన్ 20 నాటికి నిషేధం అమలులో ఉంది. ఆ బిడ్డును పరిగణించరు. 'క' ఈ టెండరుకు 'ఖ'తో కలవకూడదు. అదే టెండరు వేరే మంత్రిత్వ శాఖది అయి ఉంటే చట్టపరమైన అడ్డంకి ఉండేది కాదు. ఆగస్టు 9 తర్వాత బిడ్లు తెరిచే టెండరు అయినా అంతే. అప్పుడు నకిలీ ధ్రువపత్రం పెట్టిన మనిషిని నమ్మవచ్చా అన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది. అది వ్యాపార నిర్ణయం, జాబితా తేల్చేది కాదు. నా అభిప్రాయం అడిగితే, గడువు ముగిసిన డిబార్‌మెంట్ కన్నా, దాని గురించి అడగక ముందే తానుగా చెప్పకపోవడం నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది.

ఒప్పందం నాటికి జరిగిన కాంట్రాక్టుల సంగతి వేరు. డిబార్‌మెంట్ ఉత్తర్వుకు ముందే కుదిరిన కాంట్రాక్టులు ఆ ఉత్తర్వు వల్ల రద్దు కావు. సగం పని అయిన భాగస్వామి మధ్యలో డిబార్ అయితే ఆ పని ఆగిపోతుందని కంగారు పడనక్కరలేదు.

అంతర్జాతీయ జాబితాలు

ప్రపంచ బ్యాంకు జాబితాలో సంస్థ పేరు, చిరునామా, దేశం, అనర్హత మొదలు, ముగింపు తేదీలు, కారణం ఉంటాయి. చిరునామా గడిని తప్పక చూడాలి. పేరు కలిసినప్పుడు అదే సంస్థ అవునో కాదో తేల్చడానికి అక్కడ దొరికే మొదటి ఆధారం అదే. ముగింపు తేదీ విషయంలో ఒక మెలిక ఉంది. బ్యాంకు విధించే శిక్షల్లో చాలావాటికి 'షరతులతో విడుదల' అనే పద్ధతి ఉంటుంది. సంస్థ తనలో నిజాయితీ నియమాల వ్యవస్థను ఏర్పరచుకున్నానని రుజువు చేసుకోవాలి. లేకపోతే కనీస కాలం గడిచినా అనర్హత తొలగదు. ఇంకొక విషయం, 2010 ఏప్రిల్‌లో ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు సహా ఐదు అభివృద్ధి బ్యాంకులు ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఒక బ్యాంకు ఏడాదికి మించి డిబార్ చేసిన సంస్థను మిగిలినవి కూడా డిబార్ చేస్తాయి. మన రాష్ట్రాల్లో ఈ బ్యాంకుల అప్పుతో జరిగే పనుల్లో ఉప కాంట్రాక్టు తీసుకునేవారికి ఇది నేరుగా వర్తించే సంగతి.

ఆంక్షల జాబితాలు వేరే జాతి. అక్కడ ప్రశ్న టెండరు అర్హత కాదు, అసలు డబ్బు గాని సరుకు గాని అందించవచ్చా అన్నది. ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి జాబితాలోని వ్యక్తులు, సంస్థల ఆస్తులను స్తంభింపజేయడానికి మన దేశంలో చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం 51ఎ సెక్షన్ ఆధారం. అమెరికా ఖజానా శాఖ జాబితా మన చట్టం కాదు. కానీ ఎగుమతి సొమ్ము డాలర్లలో వస్తే అది సాధారణంగా అమెరికా బ్యాంకుల గుండా వస్తుంది. ఆ దారిలో అది ఆగిపోతే గుంటూరు మిర్చి ఎగుమతిదారు చేయగలిగింది తక్కువ. ఆ అమెరికా నిబంధనల్లో తెలుసుకోదగినది ఒకటుంది. ఆంక్షలు ఉన్న వ్యక్తులకు, విడివిడిగా గాని అందరికీ కలిపి గాని, 50 శాతం లేదా అంతకు మించి వాటా ఉన్న కంపెనీపై, దాని పేరు జాబితాలో లేకపోయినా, ఆంక్షలు వర్తిస్తాయి. ముగ్గురికి 20 శాతం చొప్పున ఉంటే మొత్తం 60. ఆ కంపెనీ పేరు ఎన్నిసార్లు వెదికినా జాబితాలో దొరకదు. ఇక్కడా మనం కరీంనగర్ ఉదాహరణలో చేసిన పనే చేయాలి: వాటాదారులెవరో అడగాలి, వాళ్ల పేర్లను వెదకాలి.

దొరికినప్పుడు, దొరకనప్పుడు

పేరు దొరికితే అది ముగింపు కాదు, పరిశీలనకు మొదలు. సంఖ్య గాని, చిరునామా గాని, డైరెక్టరు గాని కలిస్తేనే అదే సంస్థ అని అనుకోవాలి. తర్వాత అసలు ఉత్తర్వు చదవాలి. జాబితాలో ఒక వరుస మాత్రమే ఉంటుంది. ఉత్తర్వులో కారణం, హద్దు, భాగస్వాముల పేర్లు ఉంటాయి. ఆ తర్వాత అప్పీలు సంగతి చూడాలి. సత్యం వ్యవహారంలోనే దీనికీ ఉదాహరణ దొరుకుతుంది. ఆ కంపెనీ లెక్కలు తనిఖీ చేసిన ప్రైస్ వాటర్‌హౌస్ సంస్థలు రెండేళ్ల పాటు నమోదైన కంపెనీల ఆడిట్ చేయరాదని 2018 జనవరిలో సెబీ ఉత్తర్వు ఇచ్చింది. 2019 సెప్టెంబరులో సెక్యూరిటీల అప్పిలేట్ ట్రైబ్యునల్ ఆ నిషేధాన్ని కొట్టివేసింది. మొదటి ఉత్తర్వు నకలును మాత్రమే ఫైలులో పెట్టుకున్నవారు తప్పు అభిప్రాయంతో మిగిలిపోతారు.

డైరెక్టర్ల అనర్హత విషయంలో కూడా ఇదే జాగ్రత్త అవసరం. మూడేళ్లు వరుసగా వార్షిక పత్రాలు దాఖలు చేయని కంపెనీ డైరెక్టర్లు ఐదేళ్లు అనర్హులవుతారని కంపెనీల చట్టం 164వ సెక్షన్ చెబుతుంది. 2017లో కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2 లక్షలకు పైగా కంపెనీలను రిజిస్టరు నుంచి తొలగించి, 3 లక్షలకు పైగా డైరెక్టర్లను అనర్హులుగా ప్రకటించింది. వారిలో పలువురు హైకోర్టులకు వెళ్లి ఉపశమనం పొందారు. పత్రాలు దాఖలు చేయకపోవడం అశ్రద్ధ కావచ్చు. దాన్ని నకిలీ బ్యాంకు గ్యారంటీ పెట్టడంతో సమానంగా చూడటం న్యాయం కాదు.

పేరు దొరకనప్పుడు ఏం రాసుకోవాలి? 'బ్లాక్‌లిస్టులో లేదు' అని కాదు. 'ఫలానా తేదీన, ఫలానా జాబితాలో, ఫలానా పాన్ గల సంస్థ పేరు, దాని పాత పేరు, డైరెక్టర్ల పేర్లతో వెదికాం, కనబడలేదు' అని రాసుకోవాలి. పేజీని తేదీ కనబడేలా ముద్రించి ఫైలులో ఉంచాలి. జాబితాలు మారుతుంటాయి. ఆరు నెలల తర్వాత ఎవరైనా ప్రశ్నిస్తే, ఆనాడు ఏముందో చూపడానికి ఆ కాగితం తప్ప వేరే ఆధారం ఉండదు. ఒప్పందం చర్చల సమయంలో ఒకసారి, సంతకానికి ముందు రోజు మరొకసారి వెదకడం మంచి పద్ధతి.

జాబితాల్లో ఎప్పుడూ కనబడనిది ఒకటుంది: షోకాజ్ నోటీసు. ఉత్తర్వు రాక ముందు నెలల తరబడి విచారణ సాగుతుంది. ఆ కాలంలో సంస్థ పేరు ఏ జాబితాలోనూ ఉండదు. దీనికి మనకున్న సాధనం ఒప్పంద పత్రమే. తమ సంస్థను గాని, డైరెక్టర్లను గాని, అనుబంధ సంస్థలను గాని గత మూడేళ్లలో ఎవరైనా డిబార్ చేశారా, అటువంటి చర్యకు నోటీసు ఏదైనా పెండింగులో ఉందా అన్న ప్రశ్నలకు ఎదుటివారి నుంచి సంతకంతో కూడిన ప్రకటన తీసుకోవాలి. ఆ ప్రకటన అబద్ధమని తేలినా, పని మధ్యలో డిబార్ అయినా వెంటనే తెలియజేయాలని, ఒప్పందం నుంచి తప్పుకునే హక్కు మనకు ఉంటుందని ఒక షరతు చేర్చాలి. 'గత మూడేళ్లలో' అన్న మాట వదిలేసి 'ప్రస్తుతం' అని మాత్రమే రాస్తే, నిన్ననే గడువు ముగిసిన సంస్థ కూడా నిజాయితీగానే సంతకం చేయగలదు.

అభ్యాసం

1. ఒక కంపెనీ పేరు R తో మొదలవుతుంది. దాని జీఎస్టీ సంఖ్య `37AAACM1234K1Z5` అని లెటర్‌హెడ్ మీద ఉంది (సంఖ్య మాదిరి కోసం కల్పించినది). ఈ సంఖ్య నుంచి రాష్ట్రం, పాన్, సంస్థ రకం రాయండి. ఎదుటివారిని అడగవలసిన ప్రశ్న ఏమిటి?

2. కరీంనగర్ ఉదాహరణలో ఉమ్మడి డైరెక్టరుకు 'ఖ'లో 70 శాతానికి బదులు 10 శాతం వాటా మాత్రమే ఉండి, మిగిలిన 90 శాతం 'గ'తో ఏ సంబంధం లేని రెండో డైరెక్టరు పేరిట ఉందనుకోండి. 'ఖ' అనుబంధ సంస్థ అవుతుందని మీరు అనుకుంటున్నారా? ఏ పత్రాలు చూసి నిర్ణయిస్తారు?